వీపీఎన్ ఆపి పడుకున్నా రాత్రంతా డేటా ఎటు పోతోంది? ఉచిత యాప్‌ల ఆదాయం గురించి ఒక ప్రశ్న

హరిణి

ఐదు వారాల క్రితం నా ఫోన్‌లో ఒక ఉచిత వీపీఎన్ యాప్ వేసుకున్నాను. గ్రంథాలయంలోని బహిరంగ వైఫై వాడేటప్పుడు కొంత రక్షణ ఉంటుందన్నదే నా ఉద్దేశం. ఆ యాప్‌లో ప్రకటనలు లేవు, డేటాకు పరిమితి లేదు, ఖాతా తెరవమని కూడా అడగలేదు. మొదట్లో ఇది నాకు సంతోషంగానే అనిపించింది గానీ, సర్వర్లకు అద్దె కట్టడానికి వారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న సందేహం మాత్రం మనసులో ఉండిపోయింది.

రెండు వారాలుగా ఇంట్లో ఏదైనా వెతికినప్పుడల్లా, మీరు మనిషేనా అని నిర్ధారించుకునే బొమ్మల పరీక్ష ఎదురవుతోంది. ఆ సమయంలో నా వీపీఎన్ ఆపివేసే ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఆ యాప్ లేని మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే జరుగుతోంది. నిన్న రూటర్ పేజీ తెరిచి చూస్తే, నా ఫోన్ నుంచి అప్‌లోడ్ అయిన డేటా నేను ఊహించినదాని కంటే చాలా ఎక్కువగా ఉంది. ఈ రెండింటికీ ఆ యాప్‌తో సంబంధం ఉండే అవకాశం ఉందా? అసలు ఇటువంటి యాప్‌లు ఎలా సంపాదిస్తాయి?

శ్రీధర్

ఉచిత యాప్‌లు ప్రకటనల మీద, వాడుకరుల వివరాలను అమ్మడం మీద ఆధారపడతాయి. మీ యాప్‌లో ప్రకటనలు లేవంటున్నారు కాబట్టి, మీరు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో గమనించి ఆ సమాచారాన్ని అమ్ముతూ ఉండవచ్చు. అయితే ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ రాకపోకలను గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్ మీదనే నడుస్తున్నాయి కాబట్టి, వీపీఎన్ సంస్థకు మన రాకపోకలలో ఏదీ కనిపించదు. అందువల్ల పెద్దగా భయపడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. బొమ్మల పరీక్షలు ఈ మధ్య అందరికీ వస్తున్నాయి, దానికి ఈ యాప్ కారణం కాకపోవచ్చు.

వెంకటరమణ

నేను పదమూడేళ్లుగా నెట్‌వర్క్ నిర్వహణలో పనిచేస్తున్నాను. హరిణి గారు రాసినదానిలో నాన్నగారి ల్యాప్‌టాప్ సంగతే నన్ను ఆపింది. ఒకే రూటర్ కింద ఉన్న పరికరాలన్నీ సాధారణంగా బయటి ప్రపంచానికి ఒకే ఐపీ చిరునామాతో కనిపిస్తాయి. యాప్ లేని పరికరానికి కూడా ఆ పరీక్ష ఎదురవుతోందంటే, వెబ్‌సైట్లు అనుమానిస్తున్నది ఫోన్‌ను కాదు, మీ ఇంటి చిరునామాను. ఆ చిరునామా నుంచి యంత్రాలు పంపినట్టుగా అభ్యర్థనలు వెళ్తూ ఉండవచ్చు.

ఇక ఆదాయం విషయం. శ్రీధర్ గారు చెప్పిన రెండు మార్గాలూ నిజమే కానీ, మూడోది ఒకటి ఉంది, మీ విషయంలో నేను ముందుగా అనుమానించేది దానినే. వీపీఎన్ మిమ్మల్ని వేరొకరి సర్వర్ గుండా బయటికి పంపుతుంది. ఆ మూడో పద్ధతిలో ఇది తలకిందులవుతుంది: వేరెవరో మీ ఫోన్ గుండా, మీ ఇంటి చిరునామాతో బయటికి వెళ్తారు. ఈ సేవను రెసిడెన్షియల్ ప్రాక్సీ అంటారు, కొనేవారికి ఎన్ని గిగాబైట్లు వాడితే అంత లెక్కన అమ్ముతారు. డేటా సెంటర్ చిరునామాల నుంచి వచ్చే అభ్యర్థనలను చాలా వెబ్‌సైట్లు సులభంగా గుర్తించి అడ్డుకుంటాయి, కానీ ఒక మామూలు ఇంటి చిరునామాను అడ్డుకుంటే నిజమైన వాడుకరులను పోగొట్టుకోవలసి వస్తుంది. ఆ సంకోచానికే ఈ వ్యాపారంలో ధర పలుకుతుంది. కొనేవారిలో ఇతర సంస్థల ధరలను పోల్చి చూసుకునే కంపెనీలూ ఉంటాయి, దొంగిలించిన పాస్‌వర్డులను వేల ఖాతాల మీద ప్రయత్నించి చూసే నేరగాళ్లూ ఉంటారు. ఎవరు దేనికి వాడుతున్నారో మీకు తెలిసే మార్గం లేదు. ఆ పని చేసిన చిరునామాగా నమోదయ్యేది మాత్రం మీదే.

ఇది ఊహ కాదు. హోలా అనే ఉచిత సేవ తన వాడుకరుల ఇంటర్నెట్‌ను లుమినాటి అనే పేరుతో అమ్ముతోందని 2015లో బయటపడింది. 2024 మార్చిలో హ్యూమన్ అనే భద్రతా సంస్థ, గూగుల్ ప్లేలో ఉన్న 28 యాప్‌లు ఫోన్లను ఇలా ప్రాక్సీలుగా మారుస్తున్నాయని ప్రకటించింది. వాటిలో 17 ఉచిత వీపీఎన్‌లే.

అయినా మీ యాప్ అటువంటిదేనని నేను ఇప్పుడే చెప్పను. ముందు కొలవాలి. ఈ రాత్రి వీపీఎన్ ఆపివేసి, యాప్‌ను మాత్రం అలాగే ఉంచి, ఫోటోల బ్యాకప్‌ను, యాప్‌ల అప్‌డేట్లను నిలిపివేసి, ఫోన్‌ను వైఫై మీద వదిలేయండి. పడుకునే ముందూ, లేచిన తరువాతా రూటర్‌లో మీ ఫోన్ వరుసలోని డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలను రాసుకోండి. రేపు రాత్రి సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి దానిని బలవంతంగా ఆపి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి, మళ్లీ అదే పని చేయండి.

ఫణీంద్ర

మా కార్యాలయం ఇచ్చిన వీపీఎన్‌తో నాకు కూడా డేటా ఎక్కువ ఖర్చవుతుంది, వీడియో సమావేశాలు ఆగి ఆగి వస్తాయి. గుప్తీకరణ వల్ల ప్రతి ప్యాకెట్ పరిమాణం పెరుగుతుందని మా సాంకేతిక విభాగం వారు చెప్పారు. కాబట్టి ఇది అన్ని వీపీఎన్‌లకూ ఉండే సహజ లక్షణమే అనుకుంటున్నాను. సర్వర్‌ను మార్చి చూడండి, తగ్గవచ్చు.

వెంకటరమణ

ఫణీంద్ర గారూ, మీరు చెప్పిన పెరుగుదల నిజమే గానీ, అది వాడిన డేటాలో కొద్ది శాతమే ఉంటుంది, అది కూడా వీపీఎన్ నడుస్తున్నప్పుడే. హరిణి గారి ప్రశ్న వీపీఎన్ ఆపివేసిన తరువాత ఏం జరుగుతోందన్నది. ఆపివేసిన వీపీఎన్‌కు మోయడానికి ప్యాకెట్లే లేవు.

హరిణి

రెండు రాత్రులూ కొలిచాను. రెండు రోజులూ రాత్రి 11 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు, ఫోన్ తెర ఆపివేసే ఉంది.

మొదటి రాత్రి యాప్ ఉంది, వీపీఎన్ ఆపి ఉంది: డౌన్‌లోడ్ 1.3 జీబీ, అప్‌లోడ్ 1.4 జీబీ.

రెండో రాత్రి యాప్‌ను బలవంతంగా ఆపాను: డౌన్‌లోడ్ 38 ఎంబీ, అప్‌లోడ్ 9 ఎంబీ.

అంకెలు చూసి నిజంగా చేతులు చల్లబడ్డాయి. అయితే నాకు ఒక విషయం అర్థం కాలేదు. వీపీఎన్ నడిచేటప్పుడు తెర పైభాగంలో తాళంచెవి గుర్తు కనిపిస్తుంది. మొదటి రాత్రి ఆ గుర్తు లేదు. గుర్తు లేనప్పుడు యాప్ ఇంత డేటాను ఎలా పంపగలిగింది?

వెంకటరమణ

తాళంచెవి గుర్తు ఒక్క సంగతినే చెబుతుంది: మీ ఫోన్‌లోని రాకపోకలన్నీ ఆ యాప్ గుండా వెళ్తున్నాయని. మీ రాకపోకలను ముట్టుకోకుండా, వేరొకరి రాకపోకలను మోయడానికి ఆ అనుమతితో పనే లేదు. దానికి మామూలు ఇంటర్నెట్ అనుమతి చాలు, ఆండ్రాయిడ్ దానిని మిమ్మల్ని అడగకుండానే యాప్‌లకు ఇస్తుంది. యాప్‌లో ఒక చిన్న భాగం నేపథ్యంలో మేలుకొని, ప్రాక్సీ సంస్థ సర్వర్‌తో తానే అనుసంధానమై, పని కోసం ఎదురుచూస్తుంది. లోపలి నుంచి బయటికి వెళ్లే అనుసంధానం కాబట్టి రూటర్ దానిని అడ్డుకోదు.

ఇప్పుడు మీ మొదటి రాత్రి అంకెలను మరొకసారి చూడండి. మొత్తం ఎంత అన్నదాని కంటే, రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉండటం ముఖ్యం. మామూలు వాడుకలో మనం తెచ్చుకునేది ఎక్కువ, పంపేది తక్కువ, మీ రెండో రాత్రి అలాగే ఉంది. ఫోటోల బ్యాకప్ జరిగితే పంపేది ఎక్కువై తెచ్చుకునేది చాలా తక్కువగా ఉంటుంది. మధ్యవర్తిగా ఉన్న పరికరం మాత్రం ఒక చేత్తో అందుకున్నదానిని రెండో చేత్తో అందించేస్తుంది. కొనుగోలుదారు అడిగిన పేజీ వెబ్‌సైట్ నుంచి మీ ఫోన్‌లోకి వస్తుంది, అదే పేజీ మీ ఫోన్ నుంచి కొనుగోలుదారుకు పోతుంది. అందుకే లోపలికి 1.3, బయటికి 1.4. ఎవరూ ముట్టుకోని ఫోన్‌లో ఈ సమానత్వం కనిపిస్తే, నాకు అది యాప్ పేరు కంటే పెద్ద సాక్ష్యం.

వీపీఎన్ యాప్‌లలోనే ఈ భాగాన్ని ఎక్కువగా ఎందుకు పెడతారంటే, అవి డేటా ఎక్కువ వాడినా ఎవరూ అనుమానించరు, బ్యాటరీ పొదుపు నియమాల నుంచి మినహాయించమని అవి అడిగితే ఎవరైనా సరే అంటారు. ఒక టార్చ్‌లైట్ యాప్ అదే కోరితే మనం ఆగి ఆలోచిస్తాం.

సునీత

ఇది చదువుతుంటే రెండేళ్ల క్రితం మా ఇంట్లో జరిగినది గుర్తుకు వచ్చింది. మా అబ్బాయి ఒక ఆట కోసం ఎక్కడి నుంచో ఒక ఫైల్ దించుకున్నాడు, దానితోపాటు ఒక ఉచిత వీపీఎన్ కూడా కంప్యూటర్‌లో చేరింది. కొన్ని నెలల తరువాత మా ఇంటర్నెట్ సంస్థ నుంచి, మీ అనుసంధానం నుంచి ఇతరుల ఖాతాలలోకి ప్రవేశించే ప్రయత్నాలు జరుగుతున్నాయని లేఖ వచ్చింది. మేము ఎంత చెప్పినా వారు నమ్మలేదు, చివరికి కంప్యూటర్‌ను పూర్తిగా చెరిపేసి విండోస్ మళ్లీ వేసుకున్న తరువాతే ఆ ప్రయత్నాలు ఆగాయి. ఆ వీపీఎన్ పేరు మాస్క్ అనే మాటతో మొదలయ్యేదని మా అబ్బాయి అంటాడు, నాకు కచ్చితంగా గుర్తులేదు. అది కూడా ఇటువంటిదేనా?

వెంకటరమణ

మీరు చెప్పినది మాస్క్‌వీపీఎన్ అయితే, అది 911 ఎస్5 అనే వ్యవహారంలోనిది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్, పాలడిన్‌వీపీఎన్, ప్రాక్సీగేట్, షీల్డ్‌వీపీఎన్, షైన్‌వీపీఎన్ అనే ఆరు ఉచిత ప్రోగ్రాముల ద్వారా విండోస్ కంప్యూటర్లను ప్రాక్సీలుగా మార్చి అమ్మారు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ఈ వ్యవస్థను మూయించినట్టు ప్రకటించింది. దాని ప్రకారం 1.9 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు అందులో చిక్కుకున్నాయి, నిర్వాహకుడిగా ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తికి 2018 నుంచి 2022 జూలై వరకు సుమారు 9.9 కోట్ల డాలర్లు ముట్టాయి. ఉచిత వీపీఎన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న మొదటి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

ఇప్పటికీ అనుమానం ఉన్నవారు విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఈ పేర్లు కనిపిస్తాయేమో చూడవచ్చు:

```
mask_svc.exe
dew_svc.exe
pldsvc.exe
proxygate.exe
shieldsvc.exe
shsvc.exe
```

ఇవి ఆ ఆరింటికి మాత్రమే చెందిన పేర్లు. ఇవి కనిపించనంత మాత్రాన కంప్యూటర్ శుభ్రంగా ఉందని అనుకోకూడదు. హరిణి గారు చేసిన రాత్రి కొలతను కంప్యూటర్‌కు కూడా చేయవచ్చు.

శ్రీధర్

నేను పొరపాటు పడిన చోట ఒప్పుకుంటున్నాను, ఈ మూడో మార్గం నాకు తెలియదు. కానీ ఒక అభ్యంతరం ఉంది. ఇటువంటి యాప్‌లలో కొన్ని తమ షరతులలో, మీ పరికరం ఖాళీగా ఉన్నప్పుడు దాని అనుసంధానాన్ని వాడుకుంటామని రాస్తాయి. మనం చదవకుండా అంగీకరించి, తరువాత మోసపోయామనడం న్యాయమా? డబ్బు ఇవ్వలేనివారు దానికి బదులుగా తమ డేటాను ఇస్తున్నారు, అది ఒక మార్పిడే కదా.

వెంకటరమణ

డేటా ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. చిరునామాను ఇవ్వడం వేరు. నా చిరునామా నుంచి వేరొకరు ఏం చేస్తారో ముందుగా ఎవరూ నాకు చెప్పలేరు, అమ్మేవారికి కూడా పూర్తిగా తెలియదు. తెలియని పనికి ఇచ్చిన అంగీకారానికి నేను విలువ ఇవ్వలేను. పైగా ఒక ఇంట్లో ఒకరు అంగీకరిస్తే ఫలితం అందరూ అనుభవిస్తారు. హరిణి గారి నాన్నగారు ఏ షరతుల మీదా సంతకం చేయలేదు.

మరొక మాట. హెచ్‌టీటీపీఎస్ వల్ల వీపీఎన్ సంస్థకు ఏదీ కనిపించదని మీరు మొదట రాశారు. పేజీలోని విషయం కనిపించదన్నది నిజం. కానీ ఏ సైటుకు, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత డేటాతో వెళ్లారో సాధారణంగా కనిపిస్తూనే ఉంటుంది. దానికి కూడా విలువ ఉంది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే సంస్థను కొని, దాని ఉచిత వీపీఎన్ ద్వారా ప్రజలు ఏ యాప్‌లను ఎంతసేపు వాడుతున్నారో తెలుసుకుంది. ఆ యాప్‌ను రక్షణ సాధనంగా ప్రచారం చేస్తూ, సేకరణ సంగతిని సరిగా చెప్పనందుకు 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు రెండు అనుబంధ సంస్థలకు కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. ఆ కేసు గుప్తీకరణను ఛేదించడం గురించినది కాదు.

శ్రీధర్

సైట్ల పేర్ల విషయంలో మీరు చెప్పినది అంగీకరిస్తాను. షరతుల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. పూర్తి అక్షరాలతో, మొదటి తెర మీదే అడిగి, అవునన్న తరువాతే మొదలుపెట్టే యాప్ ఉంటే దానిని నేను తప్పుపట్టను.

కల్యాణి

నా ప్రశ్న కొంచెం వేరు. నేను డబ్బు కట్టే స్థితిలో లేను, విద్యార్థిని. ఉచితమైనవన్నీ వదిలేయాలా, లేక వాటిలో నమ్మదగినవి ఏమైనా ఉన్నాయా? దేనిని బట్టి తేల్చుకోవాలి?

వెంకటరమణ

అన్నింటినీ ఒకే గాట కట్టనక్కరలేదు. ఉచిత వాడుకరి ఖర్చును ఎవరు భరిస్తున్నారో కంటికి కనిపించాలి, నేను చూసేది అదే. ఉదాహరణకు ప్రోటాన్ వీపీఎన్‌లో ఉచిత శ్రేణికి డేటా పరిమితి లేదు, కానీ ఒకే పరికరంలో వాడుకోవాలి, సర్వర్‌ను మనం ఎంచుకోలేము. విండ్‌స్క్రైబ్‌లో ఈమెయిల్ ధ్రువీకరిస్తే నెలకు 10 జీబీ ఇస్తారు. ఈ ఇబ్బందులు కావాలనే పెట్టినవి. అవి భరించలేనివారు డబ్బు కట్టే శ్రేణికి మారతారని వారి ఆశ, కట్టినవారి డబ్బే మిగిలినవారిని పోషిస్తుంది. లెక్క సరిపోతుంది. దేనికీ పరిమితి లేకుండా, ప్రకటనలు లేకుండా, కొనడానికి ఏ శ్రేణీ లేకుండా ఒక యాప్ ఉంటే, అక్కడ అమ్ముడుపోయే వస్తువు కోసం వెతకాలి.

వాడుక వివరాల నమోదులైన లాగ్‌లను ఉంచబోమనే ప్రకటనను మాత్రం ఆధారంగా తీసుకోకండి. 2020లో యూఎఫ్‌ఓ వీపీఎన్‌తో పాటు అదే కుటుంబానికి చెందిన మరికొన్ని యాప్‌ల సర్వర్ ఒకటి ఇంటర్నెట్‌లో తెరిచి ఉండగా దొరికింది. ఏ లాగ్‌లూ ఉంచబోమని చెప్పిన ఆ యాప్‌ల వాడుకరుల చిరునామాలు, పాస్‌వర్డులు సైతం అందులో ఉన్నాయి.

అసలు బహిరంగ వైఫై కోసమే అయితే, మీకు వీపీఎన్ అవసరం ఎంతవరకు ఉందో కూడా ఆలోచించండి. ఆ వైఫై నడిపేవారికి కూడా హెచ్‌టీటీపీఎస్ లోపలి విషయం కనిపించదు. శ్రీధర్ గారి వాదన అక్కడ చక్కగా సరిపోతుంది.

హరిణి

యాప్‌ను తీసేసి నాలుగు రోజులైంది. రాత్రి అప్‌లోడ్ 10 ఎంబీ దాటడం లేదు. అయితే బొమ్మల పరీక్ష మాత్రం ఇంకా వస్తూనే ఉంది, నాన్నగారికి కూడా. ఇంకా ఏదైనా మిగిలి ఉందా?

వెంకటరమణ

చెడ్డపేరు వచ్చిన చిరునామా ఒక్కరోజులో బాగుపడదు. అటువంటి చిరునామాల జాబితాలను ఎవరికివారు వేర్వేరుగా నిర్వహిస్తారు, ఎప్పుడు తొలగిస్తారో మన చేతిలో ఉండదు. రూటర్‌ను కొంతసేపు ఆపి మళ్లీ వెలిగిస్తే కొన్ని సంస్థలు కొత్త చిరునామా ఇస్తాయి. దానికి ముందు ఒకటి చూడండి. రూటర్ స్థితి పేజీలో WAN అనే వరుసలో ఉన్న ఐపీ చిరునామా ఏ అంకెలతో మొదలవుతోంది? 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు కలిపి పంచుతోందని అర్థం.

హరిణి

100.72తో మొదలవుతోంది.

వెంకటరమణ

అయితే నేను మొదట చెప్పినదానిని కొంత సవరించుకోవాలి. మీ బయటి చిరునామా మీ ఒక్క ఇంటిది కాదు, దానిని మీతో పంచుకునే ఇళ్లలో ఎవరి ఫోన్‌లోనైనా ఇటువంటి యాప్ ఉన్నా మీకు బొమ్మల పరీక్ష వస్తుంది. మీ యాప్ రాత్రంతా వేరొకరి డేటాను మోసిందని మీ రూటర్ అంకెలు గట్టిగానే చెబుతున్నాయి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ పరీక్షకు కారణం మీ ఫోన్ ఒక్కటేనా అన్నది ఇక ఇక్కడి నుంచి తేల్చలేము. మీ సంస్థ వారిని విడిగా ఒక పబ్లిక్ చిరునామా అడిగి చూడవచ్చు, కొందరు అదనపు రుసుముతో ఇస్తారు.

హరిణి

అడిగాను, వారం పడుతుందన్నారు. చిరునామా మారిన తరువాత పరీక్ష వస్తోందో లేదో ఇక్కడే రాస్తాను. ఈలోగా మా బంధువుల ఫోన్లలో మూడింటిలో అదే యాప్ కనిపించింది, వారికి చెప్పింది నేనే. ఈ రాత్రికి వాటిలో ఒకదానిని కొలవబోతున్నాను.